ఒకే మెసేజ్‌లో పొసగని సూచనలు వస్తే: పుస్తకాలు, శుభలేఖల పేజీలు కూర్చేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

డీటీపీ పని కొత్తగా చేపట్టినవారు, చిన్న ప్రెస్సుల్లో ఆర్డర్లు తీసుకునేవారు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. ఆర్డరు ఇచ్చేవారు మనసులో ఉన్నదంతా ఒక్క వాట్సాప్ మెసేజ్‌లో రాసేస్తారు. అందులో ఒక వాక్యానికి కట్టుబడితే ఇంకో వాక్యం తప్పుతుంది. పని ఏ దశలో ఉందో దాన్నిబట్టి ప్రశ్నలను వరుసగా పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లవచ్చు.

## మెసేజ్ చదివేటప్పుడు

రెండు సూచనలకు నిజంగానే పొంతన లేదా, నాకే అర్థం కాలేదా? ఎలా తేల్చుకోవాలి?

మెసేజ్‌లోని ఒక్కొక్క సూచనను విడి వరుసగా కాగితం మీద రాసుకోండి. పక్కన అది దేన్ని నిర్ణయిస్తుందో రాయండి: పేజీల సంఖ్య, అక్షరాల సైజు, ఖర్చు, తేదీ. ఒకే విషయాన్ని రెండు వరుసలు నిర్ణయిస్తుంటే అక్కడ ఆగి చూడాలి. కొన్ని వైరుధ్యాలు చదవగానే కనిపిస్తాయి. కొన్ని లెక్క వేస్తేగాని బయటపడవు.

లెక్క వేశాక, రెండూ నిజమయ్యే దారి ఏదైనా ఉందేమో ఒకసారి వెతకండి. ఉదాహరణకు ‘100 పేజీల పుస్తకం, ఆరు ఫారాలు’ అని వస్తుంది. 1/8 డెమ్మీలో ఫారానికి 16 పేజీలు. ఆరు ఫారాలంటే 96. నాలుగు పేజీలు తేడా వచ్చింది కాబట్టి తప్పు రాశారనుకుంటాం. కానీ చాలామంది అట్ట నాలుగు వైపులను కూడా పేజీలుగా లెక్కపెడతారు. 96కు అవి నాలుగూ కలిపితే సరిగ్గా 100. అలాంటప్పుడు ‘అట్టతో కలిపి 100 పేజీలు అనుకుంటున్నాను, అంతేనా?’ అని ఒక్క వాక్యం అడిగితే సరిపోతుంది.

శుభలేఖ మ్యాటర్‌లో వారం ఒకటి, తేదీ ఇంకొకటి ఉన్నాయి. క్యాలెండర్ చూసి నేనే దిద్దేయవచ్చా?

దిద్దవద్దు. ముందు ముహూర్తం గంట చూడండి. పంచాంగంలో వారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా నడుస్తుంది. క్యాలెండర్ తేదీ అర్ధరాత్రి మారుతుంది. అర్ధరాత్రి దాటాక, సూర్యోదయానికి ముందు ఉన్న ముహూర్తాలన్నిటికీ ఈ చిక్కు వస్తుంది.

‘2025 ఆగస్టు 15, గురువారం రాత్రి 2.30 గంటలకు’ అని మెసేజ్ వచ్చిందనుకోండి. క్యాలెండర్‌లో ఆ రోజు శుక్రవారం. కొత్త ఆపరేటర్ ‘శుక్రవారం రాత్రి’ అని మార్చేస్తే బంధువులంతా ఒక రోజు ఆలస్యంగా దిగుతారు. రాసినవారి ఉద్దేశం గురువారం రాత్రి గడిచి శుక్రవారం తెల్లవారేలోపు అని. అందుకే శుభలేఖల్లో ‘గురువారం రాత్రి (తెల్లవారితే శుక్రవారం)’ అని వేసే పద్ధతి ఉంది.

అదే ముహూర్తం ‘గురువారం ఉదయం 10.20’ అయి, తేదీ 15 అని ఉంటే మాత్రం అది నిజమైన వైరుధ్యమే. అప్పుడు వారం సరైనదా, తేదీ సరైనదా అని అడగండి. మ్యాటర్ టైపు చేసిన పిల్లవాణ్ని కాదు, లగ్నపత్రిక చేతిలో ఉన్న పెద్దవారిని అడగాలి. తిథి, నక్షత్రం లగ్నపత్రికలో ఉంటాయి. వాటిని పంచాంగంతో పోలిస్తే ఏది పొరపాటో తేలిపోతుంది. ‘లగ్నపత్రిక ఫొటో పంపగలరా?’ అని అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

ఒకే మెసేజ్‌లో తర్వాత రాసిన మాటే చెల్లుతుందని అనుకోవచ్చా?

ఆ నియమం వేర్వేరు రోజుల్లో వచ్చిన రెండు మెసేజ్‌లకు సరిపోతుంది, అక్కడ రెండోది మనసు మార్చుకున్నాక రాసినది. ఒకే మెసేజ్‌లో అలా కాదు. పాత ఆర్డరు నుంచి సగం తెచ్చి అతికించి, పైన కొత్త మాటలు చేర్చేవారు ఎక్కువ. అప్పుడు కింద ఉన్నదే పాతది అవుతుంది.

అతికించిన భాగాన్ని గుర్తుపట్టడానికి ఆనవాళ్లుంటాయి. ఒకచోట ‘1/8 డెమ్మీ’ అని, ఇంకోచోట ‘డెమ్మీ సైజు’ అని ఉండడం, కిందటి పుస్తకం పేరు ఎక్కడో మిగిలిపోవడం, గడిచిపోయిన తేదీ కనిపించడం అలాంటివే. ఆనవాలు దొరికినా నిర్ణయం మీరు చేయకండి. ‘ఈ చివరి నాలుగు పంక్తులు కిందటి పుస్తకానివి కావచ్చనిపించింది, దీనికి కూడా వర్తిస్తాయా?’ అని అడగండి.

కాపీల సంఖ్య అంకెల్లో 500, అక్షరాల్లో వెయ్యి అని ఉంది. అక్షరాల్లో రాసిందే చెల్లుతుందంటారు కదా?

అది చెక్కులు, ప్రామిసరీ నోట్ల సంగతి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకెలకూ అక్షరాలకూ తేడా ఉంటే అక్షరాల్లో రాసిన మొత్తమే చెల్లుతుంది. వాట్సాప్‌లో వచ్చిన అచ్చు ఆర్డరును ఆ సెక్షన్ కిందికి లాగవద్దు. కాపీల సంఖ్య మారితే కాగితం కొనుగోలే మారిపోతుంది. తప్పకుండా అడగండి.

## అడగబోయే ముందు

‘96 పేజీలు దాటకూడదు, అక్షరాలు 14 పాయింట్లు ఉండాలి, ఒక్క వాక్యం కూడా తీయవద్దు’ అన్నారు. ఇది కుదరదని ఎలా చూపించాలి?

కుదరదు అని మాటగా చెబితే బద్ధకమనుకుంటారు. లెక్క చూపిస్తే వెంటనే అర్థమవుతుంది. ఒక కథల సంపుటిని తీసుకుని పూర్తిగా చూద్దాం.

1/8 డెమ్మీ పుస్తకం కత్తిరింపు తర్వాత 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల పొడవు ఉంటుంది. చుట్టూ ముప్పావు అంగుళం మార్జిన్ వదిలితే అక్షరాలకు దక్కేది 4 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు. 7 అంగుళాలంటే 504 పాయింట్లు. తెలుగుకు పంక్తుల ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లుంటే హాయిగా ఉంటుంది. 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల ఎడం పెడితే పేజీకి 28 పంక్తులు వస్తాయి. 14 పాయింట్లకు 21 ఎడం పెడితే 24 పంక్తులే. పంక్తిలో పట్టే అక్షరాలూ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. ఎత్తులో ఏడింట ఆరు వంతులు, వెడల్పులో ఏడింట ఆరు వంతులు అంటే, పేజీలో పట్టే మ్యాటర్ నాలుగింట మూడు వంతుల కన్నా కాస్త తక్కువకు పడిపోతుంది.

మన సంపుటి 12 పాయింట్లలో 88 పేజీలు వచ్చింది. లోపలి టైటిల్, ప్రచురణ వివరాలు, అంకితం, ముందుమాట, విషయసూచిక కలిపి 8. మొత్తం 96, సరిగ్గా ఆరు ఫారాలు. అదే మ్యాటర్ 14 పాయింట్లలో 120 పేజీలవుతుంది. ముందరి 8 కలిపితే 128, అంటే ఎనిమిది ఫారాలు. మధ్యేమార్గంగా 13 పాయింట్లలో 104, ముందరి 8తో 112, ఏడు ఫారాలు. కాగితం, ప్లేట్లు, అచ్చు, మడత, బైండింగ్ అన్నీ ఫారాల లెక్కన పెరుగుతాయి కాబట్టి రచయితకు తేడా రూపాయల్లోనూ చెప్పగలుగుతారు.

ఈ గుణింపు అంచనాకే పనికొస్తుంది. సంభాషణలు ఎక్కువున్న కథల్లో పొట్టి పంక్తులు ఎక్కువ. అక్షరం పెంచినా అవి రెండో పంక్తికి విరగవు, కాబట్టి పేజీలు లెక్కలో వచ్చినన్ని పెరగకపోవచ్చు. మెసేజ్ పంపే ముందు మొత్తం ఫైలును ఆ సైజులో ఒకసారి పోసి చూడండి.

14 పాయింట్లు ఉంచి, పంక్తుల ఎడం నొక్కేసి 96లో సర్దితే అడిగే అవసరమే ఉండదు కదా?

ఎడం 21 నుంచి 17 పాయింట్లకు నొక్కితే 7 అంగుళాల ఎత్తులో 29 పంక్తులు పడతాయి. అయినా పంక్తి వెడల్పు మారలేదు కాబట్టి, 12 పాయింట్లలో 88 పేజీలు వచ్చే మ్యాటర్ సుమారు 100 అవుతుంది. ముందరి పేజీలు కలిపితే 96 ఎలాగూ దాటుతుంది.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. తెలుగులో ఒత్తులు కిందికి వేలాడతాయి, గుడులు పైకి లేస్తాయి. పై పంక్తిలో ‘రాష్ట్రం’, కింది పంక్తిలో సరిగ్గా అక్కడే ‘కీ’ పడితే ట ఒత్తు, దాని కింది రావత్తు వచ్చి గుడికి తగులుతాయి. వయసు మళ్లినవారు చదవాలని పెద్ద అక్షరాలు అడిగిన రచయితకు, 12 పాయింట్ల కన్నా చదవడానికి కష్టమైన పేజీ ఇచ్చినట్టవుతుంది. సూచనను అంకెల్లో పాటించి ఉద్దేశంలో తప్పినట్టే. ఇలా సర్దడం నాకు బొత్తిగా ఇష్టం లేని పని.

ఏవి అడగాలి, ఏవి నేనే తేల్చుకోవచ్చు?

ఖర్చు, మ్యాటర్, పేర్లు, తేదీలు, పేజీల సంఖ్య మారేవైతే అడగాలి. అధ్యాయం పేరుకు పైన ఎంత జాగా వదలాలి, పేజీ అంకె మధ్యలో ఉండాలా పక్కన ఉండాలా వంటి వాటిలో పొంతన లేకపోతే ఒకటి ఎంచుకుని, ప్రూఫుతో పాటు ఎంచుకున్నదేమిటో రాయండి.

## అడిగేటప్పుడు

తప్పు పట్టినట్టు అనిపించకుండా ఎలా రాయాలి?

వారు రాసిన మాటలను యథాతథంగా, కొటేషన్‌లో తిరిగి రాయండి. మీ మాటల్లోకి మార్చి రాస్తే ‘నేనలా అనలేదే’ అన్న చర్చ మొదలవుతుంది. తర్వాత అవి ఎక్కడ ఢీకొంటున్నాయో ఒక్క వాక్యం. ఆ తర్వాత ఎంచుకోదగిన దారులు, ఒక్కోదానికి అయ్యే ఫలితంతో సహా. చివర ఒకే ఒక్క ప్రశ్న. 96 పేజీల్లో 14 పాయింట్ల అక్షరాలు అడిగిన కథల సంపుటికి ఇలా రాయవచ్చు:

“నమస్కారమండీ. మీ సూచనల్లో ‘96 పేజీలు దాటకూడదు’, ‘అక్షరాలు 14 పాయింట్లు’, ‘ఒక్క వాక్యం కూడా తీయవద్దు’ అని ఉన్నాయి. మ్యాటర్ అంతా పోసి చూశాను. 14 పాయింట్లలో 128 పేజీలు వస్తోంది. మూడింటిలో ఏదైనా రెండు పాటించగలను.
1. 96 పేజీలు, పూర్తి మ్యాటర్, అక్షరాలు 12 పాయింట్లు.
2. 128 పేజీలు, పూర్తి మ్యాటర్, 14 పాయింట్లు. రెండు ఫారాల ఖర్చు పెరుగుతుంది.
3. 96 పేజీలు, 14 పాయింట్లు. సుమారు 32 పేజీల మ్యాటర్ మీరే తగ్గించి పంపాలి.
13 పాయింట్లయితే 112 పేజీలు, ఇది 4 అనుకోండి. ఒకే కథలోని ఒక పేజీని మూడు సైజుల్లో జతచేశాను. దయచేసి అంకె మాత్రం పంపండి: మీకు ఏది ముఖ్యం?”

నమూనా పేజీలను ఫోనులో చూసి నిర్ణయించవద్దని కూడా చెప్పండి. తెరమీద వేళ్లతో పెద్దది చేసి చూస్తారు కాబట్టి 12 పాయింట్లు కూడా పెద్దగానే కనిపిస్తుంది. అసలు సైజులో ప్రింటు తీసి చూడమనండి. వీలైతే మీరే తీసి పంపండి. నా అనుభవంలో ఆ కాగితం చేతిలో పడ్డాక చాలామంది 13 దగ్గర ఆగుతారు.

‘స్పెల్లింగులు దిద్దండి, ఒక్క అక్షరం కూడా మార్చవద్దు’ అన్నారు. దీన్ని ఎలా అడగాలి?

ఈ రెండు కోరికల వెనుకా రెండు వేర్వేరు భయాలుంటాయి. అచ్చుతప్పులు మిగిలిపోతాయేమోనన్నది ఒకటి. తన యాసను ఎవరైనా చెరిపేస్తారేమోనన్నది రెండోది. ‘ఏది ముఖ్యం?’ అని అడిగితే రెండూ ముఖ్యమే అంటారు. అందుకే ఇక్కడ ప్రాధాన్యం కాదు, హద్దు అడగాలి.

ఫైలులోంచే మూడు రకాల ఉదాహరణలు ఏరండి. మొదటి రకం టైపింగ్ పొరపాట్లు: ‘పుస్తకం’ బదులు ‘పుస్తం’. రెండో రకం, పాత అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తు పక్క అక్షరం మీదికి జారిపోవడం. ఇవి ఫైలంతా ఒకే తీరున ఉంటాయి కాబట్టి రచయిత తప్పు కాదని తెలిసిపోతుంది. మూడో రకం ‘వచ్చిండు’, ‘సేసినాడు’ వంటి మాటలు, పాత్రల నోటివీ కథనంలోవీ. మొదటి రెండు రకాలు దిద్దుతానని, మూడోది ముట్టుకోనని రాసి, ‘ఈ హద్దు సరేనా?’ అని అడగండి. కథనంలో ఒకచోట ‘వచ్చాడు’, ఇంకోచోట ‘వచ్చిండు’ అని ఉంటే అది నాలుగో సంగతి. దాన్ని దిద్దకుండా పేజీ, పంక్తి సంఖ్యలతో జాబితా చేసి పంపండి.

ఒకే మెసేజ్‌లో నాలుగైదు వైరుధ్యాలున్నాయి. అన్నీ ఒకేసారి అడగాలా?

ఏది తేలితే మిగతావి వాటంతటవే తేలిపోతాయో దాన్ని ముందు అడగండి. పుస్తకాల్లో అది దాదాపు ఎప్పుడూ పేజీల సంఖ్యే. ‘ప్రతి కథా కుడిపేజీలో మొదలవ్వాలి, ఖాళీ పేజీలు ఉండకూడదు’ అన్న కోరికనే చూడండి. కుడిపేజీలో ముగిసిన ప్రతి కథ తర్వాతా ఎడమపేజీ ఒకటి మిగిలిపోతుంది. పన్నెండు కథలుంటే ఐదారు ఖాళీలు రావచ్చు. పేజీలు పెంచడానికి ఒప్పుకుంటే ఆ ఖాళీల్లో చిన్న రేఖాచిత్రం వేయవచ్చా అని అడగడానికి అర్థముంటుంది. 96కే కట్టుబడి, అవి పూర్తిగా నిండిపోతే, కుడిపేజీ ప్రశ్నే ఉండదు. ముందే అన్నీ అడిగితే జవాబిచ్చేవారు తేలికైనవాటికి చెప్పి, అసలైనదాన్ని వదిలేస్తారు.

## జవాబు వచ్చాక, రాకపోయినా

ఇది కావాలా అది కావాలా అని అడిగితే ‘సరే’ అని పంపారు. ఏం చేయాలి?

వారు ఆఖరి వాక్యం మాత్రమే చదివి ఉంటారు. ‘సరే’ను మీకు నచ్చిన వైపు అర్థం చేసుకోవద్దు. ప్రశ్నను అవును, కాదు అని చెప్పగలిగేలా కుదించి మళ్లీ పంపండి: ‘అయితే 112 పేజీలు, 13 పాయింట్లు అనుకుని మొదలుపెడుతున్నాను. అవునా?’ ‘మీకు తెలియనిదేముంది, చూసి చేయండి’ అన్నప్పుడు కూడా ఇంతే. మీ నిర్ణయాన్ని అంకెలతో రాసి, ‘అవును’ అనిపించుకున్నాకే ముందుకు సాగండి. ఫోనులో చెప్పిన జవాబునైనా అదే రోజు మెసేజ్‌గా రాసి పంపాలి.

జవాబు రావడం లేదు. గడువు దగ్గరపడుతోంది. పని ఆపేయాలా?

ఏ జవాబు వచ్చినా మారని పనులు చేస్తూ ఉండండి. ప్రూఫు చూడడం, ఒత్తుల దోషాలు దిద్దడం, కథల పేర్లకు స్టైల్ తయారుచేయడం, ముందు అట్ట బొమ్మ, వెనుక అట్ట మాటలు ఇలాంటివి. విషయసూచికలో పేజీ అంకెలు వేయడం, అట్ట వెన్ను కొలత మాత్రం ఆపాలి. 80 జీఎస్‌ఎం మాప్‌లిథో కాగితం ఒక్కొక్కటి సుమారు 0.1 మిల్లీమీటరు మందం. 96 పేజీలంటే 48 కాగితాలు, వెన్ను 5 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. 128 పేజీలైతే 6.4. ఆ తేడా పట్టించుకోకపోతే వెన్నుమీద పేరు పక్కకు జారుతుంది.

‘రేపు సాయంత్రం 5 గంటల్లోగా చెప్పకపోతే 12 పాయింట్లతో ప్రూఫు తీస్తాను’ అని రాయవచ్చు. ప్రూఫు దాకా అది న్యాయమే, వెనక్కి తిప్పుకోగలం. ‘చెప్పకపోతే ప్రింటుకు పంపేస్తాను’ అని మాత్రం ఎన్నడూ రాయకండి. మౌనాన్ని అంగీకారంగా తీసుకుని ప్లేట్లు చేయించడం ఎవరికీ మంచిది కాదు.

‘ఇదే తుది ప్రతి, ప్రింటుకు పంపండి. ముందుమాట ఎల్లుండి ఇస్తాను’ అంటే ఏమనుకోవాలి?

కథల వరకు తుది అని, పుస్తకంగా ఇంకా కాదని. ముందుమాట ఎన్ని పేజీలో అడగండి. తెలియదంటే ముందరి పేజీలకు వేరే అంకెల వరుస పెట్టి, కథలను 1 నుంచి మొదలుపెట్టే పద్ధతి ఒప్పుకుంటారేమో కనుక్కోండి. అలాగైతే ముందుమాట ఎంత పెరిగినా విషయసూచికలో కథల పేజీ అంకెలు మారవు. ఫారాల లెక్క మాత్రం ముందుమాట వచ్చేదాకా తేలదు.

ఆహ్వానపత్రికలో ‘పేర్లు అక్షరక్రమంలో వేయండి, అధ్యక్షుల పేరు ముందుండాలి’ అని కమిటీ రాసింది. ఎవరిని అడగాలి?

డబ్బు కట్టేవారిని కాదు, పత్రిక కింద ఎవరి పేరుతో ఆహ్వానం వెళ్తుందో వారిని. కమిటీలో ఒక్కరినే చివరిమాట చెప్పమని మొదట్లోనే అడిగి ఉంచుకోండి. అధ్యక్షులు, ముఖ్య అతిథి విడి పంక్తుల్లో, మిగతావారు అక్షరక్రమంలో అన్న కూర్పును చూపిస్తే సాధారణంగా ఒప్పుకుంటారు.

## అచ్చు మొదలయ్యాక

ప్రింటింగ్ మొదలయ్యాక వైరుధ్యం కంటపడింది. ఇప్పుడు అడిగి లాభమేమిటి?

లాభముంది. ముందు ప్రెస్సుకు ఫోను చేసి ఆపమనండి, ఏయే ఫారాలు అచ్చయ్యాయో కనుక్కోండి. అచ్చు ఫారం ఫారంగా జరుగుతుంది. మూడో ఫారం మెషిన్ మీద ఉంటే నాలుగు నుంచి చివరిదాకా ఇంకా మన చేతిలోనే ఉన్నట్టు. ప్లేటు చేసినా అచ్చు కాకపోతే పోయేది ప్లేటు ఖర్చే. అట్ట వేరుగా అచ్చవుతుంది కాబట్టి దాని సంగతి విడిగా అడగండి.

ఆ తర్వాత ఆర్డరు ఇచ్చినవారికి మూడు విషయాలు రాయండి: ఏ రెండు సూచనలు పొసగడం లేదు, ఇప్పటికి ఏది పాటించి ఎన్ని ఫారాలు అచ్చయ్యాయి, మార్చాలంటే ఎంత అవుతుంది. అచ్చయిన ఫారంలోనే ఒకచోట పేరో సంవత్సరమో తేడా ఉంటే, ఆ ఫారం మళ్లీ వేయాలా, తప్పొప్పుల పట్టిక చిన్న కాగితంగా జతచేయాలా అన్నది వారు తేల్చాలి. శుభలేఖలో ముహూర్తం పంక్తి అయితే పట్టిక కుదరదు. అదే రకం కాగితం మీద సవరించిన పంక్తిని అచ్చువేసి కార్డుమీద అతికించడమా, కార్డు మొత్తం మళ్లీ వేయడమా అన్న రెండు దారులే ఉంటాయి. అతికించిన కార్డు ఒకటి నిజంగా తయారుచేసి, చేతికిచ్చి అడగండి.